మూడు వృత్తాల వెన్ చిత్రం: ఒక్కటి మాత్రమే చదివేవారి లెక్కలో మైనస్ 5 ఎలా వచ్చింది?

గళ్లనోటు

ఒక అభ్యాస లెక్క నన్ను నిన్నటి నుంచి ముందుకు కదలనివ్వడం లేదు. లెక్క యథాతథంగా ఇది: «150 మంది పాఠకులను అడగగా 80 మంది కథలు, 65 మంది కవితలు, 50 మంది వ్యాసాలు చదువుతామని చెప్పారు. కథలు, కవితలు చదివేవారు 30 మంది. కవితలు, వ్యాసాలు చదివేవారు 20 మంది. కథలు, వ్యాసాలు చదివేవారు 25 మంది. మూడూ చదివేవారు 10 మంది. వీటిలో ఏదో ఒక్కటి మాత్రమే చదివేవారు ఎందరు?»

మూడు వృత్తాలు గీసి, నడిమధ్య 10 వేసి, దాని చుట్టూ ఉన్న మూడు గదుల్లో 30, 20, 25 వేశాను. ఆ తరువాత ప్రతి వృత్తం మొత్తంలోంచి, ఆ వృత్తంలో నేను అప్పటికే వేసిన అంకెలన్నింటినీ తీసివేశాను. కథలు మాత్రమే చదివేవారు 80 − 30 − 25 − 10 = 15 అని వచ్చింది. కవితలు మాత్రమే చదివేవారు 65 − 30 − 20 − 10 = 5 అని వచ్చింది. వ్యాసాల దగ్గరకు వచ్చేసరికి 50 − 20 − 25 − 10 = −5 అని వచ్చింది. తీసివేతలో పొరపాటు లేదు. మనుషులు మైనస్ 5 మంది ఎలా ఉంటారు? లెక్కలోనే అంకెలు తప్పుగా ముద్రించారా?

తొందరమనిషి

ఇంత చిత్రం గీయవలసిన పనే లేదు. దీనికి సూత్రం ఉంది. మూడు మొత్తాలను కూడితే 195 వస్తుంది, జతల మొత్తం 75 తీసివేసి, మూడూ చదివే 10 మందిని కలిపితే 130 వస్తుంది. సమాధానం 130.

సున్నాకు_ముందు

@తొందరమనిషి, మీ 130 సరైన సంఖ్యే కానీ అది వేరే ప్రశ్నకు సమాధానం. కనీసం ఒక్కటైనా చదివేవారు 130 మంది. అడిగింది ఒక్కటి మాత్రమే చదివేవారిని. మూడూ చదివే పది మంది కూడా మీ 130లో హాయిగా కూర్చుని ఉన్నారు.

వృత్తలేఖిని

ముద్రణలో తప్పేమీ కనబడడం లేదు. చిక్కంతా 30, 20, 25 అనే అంకెలను ఏ గదిలో వేశారన్న దాంట్లో ఉంది.

కథల వృత్తమూ కవితల వృత్తమూ ఒకదానిపై ఒకటి పడిన చోట ఆకు ఆకారంలో ఒక భాగం ఏర్పడుతుంది. వ్యాసాల వృత్తం గీయనంతవరకు ఆ ఆకు అంతా ఒకే ముక్క. మూడో వృత్తం వచ్చి ఆ ఆకును రెండుగా కోస్తుంది. లోపలి ముక్క మూడింటికీ చెందిన నడిమి గది, బయటి ముక్క కథలూ కవితలూ చదివి వ్యాసాలు చదవనివారి గది. లెక్కలో «కథలు, కవితలు చదివేవారు 30 మంది» అన్నప్పుడు ఆ 30 ఆకు మొత్తానికి చెందిన సంఖ్య. మూడూ చదివేవాడు కథలూ చదువుతాడు, కవితలూ చదువుతాడు కాబట్టి అతడూ ఆ 30లో ఉంటాడు. మీరు ఆకు మొత్తానికి చెందిన 30ని దాని బయటి ముక్కలో వేశారు. అందువల్ల ఆ పది మంది మీ చిత్రంలో నాలుగు చోట్ల ఉన్నారు, నడుమ ఒకసారి, చుట్టూ ఉన్న మూడు గదుల్లో ఒక్కొక్కసారి.

కాబట్టి నడుమ 10 వేసిన తరువాత, బయటి ముక్కల్లో 30 − 10 = 20, 20 − 10 = 10, 25 − 10 = 15 వేయాలి. ఇప్పుడు కథల వృత్తంలో ఇప్పటికే నిండిన గదులు 20, 15, 10 కాబట్టి మిగిలింది 80 − 45 = 35. కవితల వృత్తంలో 20, 10, 10 నిండాయి కాబట్టి మిగిలింది 65 − 40 = 25. వ్యాసాల వృత్తంలో 10, 15, 10 నిండాయి కాబట్టి మిగిలింది 50 − 35 = 15. ఒక్కటి మాత్రమే చదివేవారు 35 + 25 + 15 = 75 మంది.

సరిచూసుకోవడానికి ఏడు గదులనూ కూడండి. 75, ఆపై 20 + 10 + 15 = 45, ఆపై 10, అంతా కలిపి 130. @తొందరమనిషి గారి సంఖ్య ఇక్కడ పనికొచ్చింది. 150లో మిగిలిన 20 మంది మూడు వృత్తాలకూ బయట ఉన్నారు, అంటే ఈ మూడింటిలో ఏదీ చదవనివారు. ఆ ఎనిమిదో గదిని కూడా చిత్రంలో రాయడం మంచిది, లేకపోతే 150 అనే సంఖ్య ఎందుకు ఇచ్చారో అర్థం కాదు.

తొందరమనిషి

అంత చుట్టు తిరగడం ఎందుకు? కనీసం ఒక్కటి చదివేవారు 130 అని మనకు తెలుసు. జతలుగా చదివేవారు 75. 130 − 75 = 55. ఒక్కటి మాత్రమే చదివేవారు 55 కావాలి కదా. మీ 75 జతల మొత్తం 75తో యాదృచ్ఛికంగా కలిసినట్టుంది.

సున్నాకు_ముందు

రెండు 75లు కలవడం యాదృచ్ఛికమే, అందులో సందేహం లేదు. కానీ 55 మాత్రం తప్పు. 130లో ప్రతి మనిషీ సరిగ్గా ఒక్కసారే ఉన్నాడు. జతల మొత్తం 75లో మాత్రం మూడూ చదివేవాడు మూడు సార్లు ఉన్నాడు, ఎందుకంటే అతడు మూడు జతల్లోనూ ఉన్నాడు. ఒక్కసారి ఉన్న మనిషిని మూడు సార్లు తీసివేస్తే ఒక్కొక్కరి మీద రెండు చొప్పున ఎక్కువ పోతుంది. పది మందికి ఇరవై. మీ 55కు ఆ 20 తిరిగి కలిపితే 75 వస్తుంది.

రెండు గానీ అంతకు ఎక్కువ గానీ చదివేవారు 75 మంది కారు, 55 మంది. మీరు కనుగొన్న 55 కూడా సరైన సంఖ్యే, మళ్లీ వేరే ప్రశ్నకు.

తొందరమనిషి

రెండు సార్లు సరైన సమాధానం ఇచ్చాను, రెండు సార్లూ ప్రశ్న మారిపోయింది. ఒక్కటి మాత్రమే అన్నదానికి నేరుగా వాడగలిగే సూత్రం ఒకటి చెప్పండి, ప్రతిసారీ చిత్రం గీసే ఓపిక నాకు లేదు.

వృత్తలేఖిని

మూడు మొత్తాల కూడిక నుంచి జతల కూడికకు రెండింతలు తీసివేసి, మూడింటికీ ఉమ్మడిగా ఉన్న సంఖ్యకు మూడింతలు కలపాలి. ఇక్కడ 195 − 150 + 30 = 75.

ఆ రెండింతలు, మూడింతలు ఎక్కడి నుంచి వచ్చాయో గుర్తుంటే సూత్రం మరిచిపోయినా మళ్లీ రాసుకోవచ్చు. ఒక్కొక్క రకం మనిషి ఎన్నిసార్లు లెక్కలోకి వస్తున్నాడో చూడండి. ఒక్కటి మాత్రమే చదివేవాడు మొదటి కూడికలో ఒకసారి వస్తాడు, మిగిలిన రెండింటిలో రాడు, కాబట్టి అతడి లెక్క 1. సరిగ్గా రెండు చదివేవాడు మొదటి కూడికలో రెండు సార్లు, జతల కూడికలో ఒకసారి వస్తాడు. అతడు పూర్తిగా పోవాలంటే జతలను రెండింతలు తీసివేయాలి, 2 − 2 = 0. మూడూ చదివేవాడు మొదటి కూడికలో మూడు సార్లు, జతల కూడికలో మూడు సార్లు వస్తాడు. జతలను రెండింతలు తీసివేసినందువల్ల అతడి లెక్క 3 − 6 = −3కు దిగిపోతుంది. దాన్ని సున్నాకు తేవడానికి మూడింతలు కలపాలి.

అయితే ఓపిక లేకపోవడం చిత్రం మానడానికి తగిన కారణం కాదన్నది నా అభిప్రాయం. సూత్రం 75 అనే ఒక్క సంఖ్యనే ఇస్తుంది. అది 35, 25, 15గా విడిపోయిందని చెప్పదు, ఏ గదిలోనైనా మైనస్ వస్తే దాన్ని బయటపెట్టదు.

మూడోవంతు

అందరూ @గళ్లనోటు గారిదే తప్పు అన్నట్టు మాట్లాడుతున్నారు. నేను ఒప్పుకోను. లెక్కలో «కథలు, కవితలు చదివేవారు 30 మంది» అని ఉంది. ఒక్కొక్క వాక్యం ఒక్కొక్క గుంపు గురించి చెబుతోందని, చివరి వాక్యంలో మూడూ చదివేవారిని విడిగా చెప్పారు కాబట్టి వాళ్లు ముందరి జతల్లో లేరని ఎవరైనా అనుకోవచ్చు. ఎవరినైనా «నువ్వు ఏమేం చదువుతావు?» అని అడిగితే, మూడూ చదివేవాడు «కథలు, కవితలు» అని చెప్పి ఊరుకోడు కదా. ఆ విధంగా చూస్తే 30, 20, 25 అంకెలు నేరుగా చుట్టూ ఉన్న మూడు గదులవే. అప్పుడు ఆయన చేసిన తీసివేత అక్షరాలా సరైన పద్ధతి.

సున్నాకు_ముందు

గణితంలో అలవాటు వేరు. «మాత్రమే» అన్న మాట లేకపోతే మూడోదాని సంగతి ఏమీ చెప్పలేదని అర్థం. కథలు, కవితలు చదివేవాడు అంటే ఆ రెండూ చదివేవాడు. వ్యాసాలు చదువుతాడో లేదో ఆ వాక్యానికి పట్టదు.

మూడోవంతు

అది మీ అలవాటు. లెక్క రాసినవారి అలవాటు ఏమిటో మనకు ఎలా తెలుస్తుంది? అదే లెక్కలో 80 మంది కథలు చదువుతారన్నప్పుడు అది కథలు మాత్రమే చదివేవారి సంఖ్య కాదని మీరు ఎలాగూ ఒప్పుకుంటారు, అది సరే. కానీ జతల దగ్గర రాసినవారు ఎటువైపు ఉన్నారో వాక్యం చూసి చెప్పలేం.

వృత్తలేఖిని

@మూడోవంతు, వాక్యం చూసి చెప్పలేకపోవచ్చు కానీ ఈ లెక్కలో అంకెలు చూసి చెప్పవచ్చు. మీరు చెప్పిన అర్థాన్నే పట్టుకుని చివరిదాకా వెళ్లండి. వ్యాసాల వృత్తంలో మూడు గదులు నిండాయి, 20, 25, 10. వాటి మొత్తం 55. కానీ వ్యాసాలు చదివేవారు మొత్తమే 50 మంది. భాగాలు మొత్తాన్ని మించిపోయాయి. @గళ్లనోటు గారికి వచ్చిన −5 చెబుతున్నది ఇదే. తీసివేత తప్పని కాదు, ఆ అంకెలకు ఆ అర్థం పొసగదని. కాబట్టి ఈ లెక్క వరకు జతల సంఖ్యల్లో మూడూ చదివేవారు కలిసే ఉన్నారని తీర్పు చెప్పవచ్చు.

మైనస్ రాగానే చాలామంది దాన్ని సున్నా చేసేసి ముందుకు పోతారు, లేదా గుర్తు మార్చి 5 అని రాసేస్తారు. ఆ రెండూ చేయకుండా ఆగి అడిగినందుకే ఇక్కడ తేడా బయటపడింది.

గళ్లనోటు

అయితే అంకెలు కొంచెం వేరుగా ఉండి, మైనస్ రాకుండా ఉంటే నాకు అనుమానమే వచ్చేది కాదు. ఉదాహరణకు వ్యాసాలు చదివేవారు 50 బదులు 60 అని ఇచ్చి ఉంటే ఏమయ్యేది?

వృత్తలేఖిని

అదే అసలు ప్రమాదం. మిగతా అంకెలన్నీ అలాగే ఉంచి వ్యాసాలను 60 చేసి చూద్దాం.

జతల్లో మూడూ చదివేవారు కలిసి ఉన్నారనుకుంటే, ఒక్కటి మాత్రమే చదివేవారు 35, 25, 25, మొత్తం 85. ఏదో ఒకటైనా చదివేవారు 140. బయట 10 మంది. కలిసి లేరనుకుంటే, ఒక్కటి మాత్రమే చదివేవారు 15, 5, 5, మొత్తం 25. ఏదో ఒకటైనా చదివేవారు 25 + 75 + 10 = 110. బయట 40 మంది. రెండు చిత్రాల్లోనూ ఏ గదిలోనూ మైనస్ లేదు, రెండింటిలోనూ మొత్తం 150 సరిగ్గా తేలుతుంది. ఒక చిత్రం 85 అంటుంది, మరొకటి 25 అంటుంది.

రెండు సమాధానాల తేడా 60. అది ఎప్పుడూ మూడింటికీ ఉమ్మడి సంఖ్యకు ఆరింతలు ఉంటుంది. ప్రతి జతలోనూ ఆ 10 మంది అటో ఇటో మారుతున్నారు. ఒక్కొక్క జత రెండు వృత్తాల మిగులును తాకుతుంది. మూడు జతలు, రెండేసి వృత్తాలు, కాబట్టి ఆరు. అందుకే మూడింటికీ ఉమ్మడిగా ఎవరూ లేకపోతే ఈ వాదనే ఉండదు, రెండు అర్థాలూ ఒకే సమాధానం ఇస్తాయి.

మూడోవంతు

నేను చెప్పినది కూడా ఇదే. 60 ఉన్న లెక్కలో ఏది సరైనదో తేల్చేది ఏదీ లేదు.

సున్నాకు_ముందు

ఒకటుంది. «ఏదీ చదవనివారు 10 మంది» అనో «140 మంది కనీసం ఒక్కటైనా చదువుతారు» అనో ఇంకొక్క వాక్యం ఇచ్చి ఉంటే వెంటనే తేలిపోతుంది. అది లేనప్పుడు నేను «మాత్రమే» లేని జతను ఆకు మొత్తంగానే తీసుకుంటాను. పరీక్షలో అయితే ఏ అర్థం తీసుకున్నానో సమాధానానికి ముందు ఒక వాక్యంలో రాస్తాను.

మూడోవంతు

మీరు రాసుకోవచ్చు. నాలుగు ఐచ్ఛికాల్లో ఒకదాన్ని ఎంచుకోవలసిన ప్రశ్నలో వాక్యం రాయడానికి చోటు ఎక్కడ ఉంటుంది? 25, 85 రెండూ ఐచ్ఛికాల్లో ఉంటే ఆ ప్రశ్న పాఠకుడి గణితాన్ని కాదు, అదృష్టాన్ని పరీక్షిస్తున్నట్టు.

పక్కబల్ల

నాకు అర్థం కానిది ఇంకొకటి. ప్రశ్నలో «ఏదో ఒక్కటి మాత్రమే» అన్నారు కదా. అంటే ఒకే గదిని అడుగుతున్నారని అనుకుని నేను కథల గదిలోని 35 సమాధానమని రాశాను. మూడు గదులు ఎందుకు కూడుతున్నారు?

సున్నాకు_ముందు

కథలు మాత్రమే చదివేవారు ఎందరు అని అడిగితే 35. ఏది అన్నది చెప్పకుండా ఏదో ఒక్కటి అన్నారు కాబట్టి ఆ ఒక్కటి కథ కావచ్చు, కవిత కావచ్చు, వ్యాసం కావచ్చు. ఒకే మనిషి ఈ మూడు గదుల్లో రెండింట ఉండే వీలు లేదు కనుక నిశ్చింతగా కూడవచ్చు. వృత్తాలను కూడినప్పుడు వచ్చే రెట్టింపు బెడద గదులను కూడినప్పుడు ఉండదు.

జాబితాల_పని

ఈ చర్చ చూశాక నా గోడు కూడా చెప్పాలనిపించింది. నాది పరీక్ష లెక్క కాదు. మూడు సమావేశాలకు వచ్చినవారి జాబితాలు మూడు ఉన్నాయి. సరిగ్గా ఒక్క సమావేశానికి మాత్రమే వచ్చినవారికి విడిగా ఉత్తరం పంపాలి. పైథాన్‌లో మూడు జాబితాలను సమితులుగా మార్చి ఇలా రాశాను:

```
okkati = A ^ B ^ C
```

రెండు సమితులకు ఈ గుర్తు వాడినప్పుడు ఏదో ఒక్కదానిలో మాత్రమే ఉన్నవారిని సరిగ్గా ఇచ్చింది. మూడింటికి వాడితే మూడు సమావేశాలకూ తప్పకుండా వచ్చిన కొందరి పేర్లు కూడా ఫలితంలో కనబడుతున్నాయి. వాళ్లను నేను స్వయంగా మూడు చోట్లా చూశాను.

వృత్తలేఖిని

ఆ గుర్తు చేసే పని «ఒక్కదానిలో మాత్రమే» అని కాదు. దాన్ని వరుసగా వాడితే బేసి సంఖ్యలో సమితులకు చెందినవారు మిగులుతారు. రెండు సమితులే ఉన్నప్పుడు బేసి అంటే ఒకటే కాబట్టి తేడా తెలియదు. మూడు ఉన్నప్పుడు బేసి అంటే ఒకటి లేదా మూడు.

అడుగడుగునా చూస్తే స్పష్టమవుతుంది. `A ^ B` చేసినప్పుడు A, B రెండింటిలోనూ ఉన్నవాడు బయటకు పోతాడు. ఆ ఫలితాన్ని Cతో కలిపి మళ్లీ అదే పని చేసినప్పుడు, అతడు Cలో ఉన్నాడు, మొదటి ఫలితంలో లేడు, కాబట్టి ఒక్కదానిలోనే ఉన్నవాడిగా తిరిగి లోపలికి వస్తాడు. పై లెక్కలోని పాఠకుల మీద ఇదే ఆజ్ఞ నడిపితే 75 బదులు 85 వస్తుంది, అదనంగా వచ్చినవారు నడిమి గదిలోని పది మంది. వాళ్లను తీసివేస్తే సరిపోతుంది:

```
okkati = (A ^ B ^ C) - (A & B & C)
```

లేదా మూడు గదులను విడివిడిగా కట్టుకుని కలపవచ్చు. కొంచెం పొడవైనా చదివేవారికి ఉద్దేశం వెంటనే తెలుస్తుంది:

```
okkati = (A - B - C) | (B - A - C) | (C - A - B)
```

జాబితాల_పని

రెండూ నడిపి చూశాను. రెండింటికీ ఒకే ఫలితం వచ్చింది, మూడు చోట్లా వచ్చినవారు పోయారు. అయినా సంఖ్య నేను ఊహించిన దానికంటే చాలా ఎక్కువగానే ఉంది. రెండేసి సమావేశాలకు వచ్చారని తెలిసినవారి పేర్లు ఇంకా కొన్ని కనబడుతున్నాయి.

సున్నాకు_ముందు

ఒకే మనిషి పేరు రెండు జాబితాల్లో రెండు రకాలుగా ఉందేమో చూడండి. పేరు చివర ఒక ఖాళీ ఎక్కువ ఉన్నా, ఇంటిపేరు ఒక చోట ముందు మరో చోట వెనుక ఉన్నా, యంత్రానికి వాళ్లు ఇద్దరు మనుషులు. రెండు వృత్తాలు కలిసిన గదిలో ఒక్కడిగా ఉండవలసినవాడు చెరొక వృత్తంలో «మాత్రమే» గదిలోకి ఇద్దరుగా వెళ్లిపోతాడు. పేరు కలవకపోవడం వల్ల వచ్చే ఇటువంటి తప్పులు ఎప్పుడూ మీరు వెతుకుతున్న గదులనే ఉబ్బిస్తాయి. ఉమ్మడి గదులు సన్నబడతాయి.

జాబితాల_పని

ఒక జాబితాలో పేర్ల చివర ఖాళీలు ఉన్నాయి. మరో జాబితాలో పేర్లకు ముందు గౌరవ వాచకాలు ఉన్నాయి. ఖాళీలు తీసేయడం సులువు, గౌరవం తీసేయడానికి మాత్రం కొంచెం సమయం పడుతుంది.

సున్నాకు_ముందు

వీలుంటే పేరు కాకుండా ఫోను నంబరును గుర్తుగా పెట్టుకోండి. నంబరుకు ఎవరూ «గారు» చేర్చరు.

పక్కబల్ల

చిత్రమే ముద్రించి ఇచ్చే ప్రశ్నల సంగతి ఏమిటి? అందులో 30 అని ఆకు భాగంలో కనబడితే దాన్నుంచి 10 తీసివేయాలా వద్దా? ఇక్కడి చర్చ చదివాక నేను ప్రతి అంకెలోంచీ నడిమి అంకె తీసివేయడం మొదలుపెట్టాను.

వృత్తలేఖిని

తీసివేయకండి. వాక్యంలో ఇచ్చిన అంకెకూ చిత్రంలో రాసిన అంకెకూ అలవాటు వేరు. గది లోపల రాసిన అంకె ఆ గదిలో ఉన్నవారిదే. నాలుగు వైపులా గీతలు ఎక్కడ అడ్డుపడుతున్నాయో అక్కడితో దాని హద్దు ముగుస్తుంది. వృత్తం బయట, పేరు పక్కన రాసిన అంకె మాత్రం సాధారణంగా వృత్తం మొత్తానిది. కాబట్టి చిత్రం ఇచ్చిన ప్రశ్నలో ఒక్కటి మాత్రమే అన్న సమాధానం మూడు బయటి గదుల అంకెలను కూడటమే, తీసివేత ఉండదు.

ఏది ఏమిటో అనుమానం వస్తే ఒక వృత్తం తీసుకుని దాని నాలుగు గదుల అంకెలు కూడండి. వృత్తం పేరు పక్కన ఉన్న అంకెతో అది సరిపోతే ప్రతి అంకె తన గదికే చెందింది. ఎక్కువైతే ఎవరో ఆకు మొత్తం అంకెను గదిలో రాశారు. ఇంకొక మాట, గది పెద్దదిగా కనబడినంత మాత్రాన అందులో ఎక్కువ మంది ఉన్నారని కాదు. సాధారణ వెన్ చిత్రంలో గది వైశాల్యానికీ సంఖ్యకూ సంబంధం ఉండదు, సున్నా ఉన్న గదికి కూడా చోటు ఉంటుంది.

తొందరమనిషి

నేను నాలుగు రకాల పుస్తకాలతో ఒక లెక్క తయారుచేద్దామని నాలుగు వృత్తాలు గీశాను. కథలూ వ్యాసాలూ మాత్రమే చదివేవారికి గది ఎక్కడా దొరకడం లేదు. దీన్ని కూడా నా తొందర ఖాతాలో వేస్తారా?

వృత్తలేఖిని

ఈసారి నేరం మీది కాదు. నాలుగు సమితులకు బయటి గదితో కలిపి 16 గదులు కావాలి. నాలుగు వృత్తాలను ఎలా గీసినా 14కు మించి రావు. జాన్ వెన్ 1880లో ఈ చిత్రాల గురించి రాసినప్పుడు నాలుగింటికి దీర్ఘవృత్తాలు వాడుకున్నాడు. మీరూ అలాగే గీయండి, లేకపోతే 16 వరుసల పట్టిక వేసుకోండి.

గళ్లనోటు

నా అభ్యాసాల్లో దీని తరువాతి లెక్క ఇంకా విచిత్రంగా ఉంది. అంకెలన్నీ మొదటి లెక్కవే, 80, 65, 50, జతలు 30, 20, 25, మొత్తం 150. ఈసారి జతల అంకెల్లో మూడూ చదివేవారు కలిసే ఉన్నారని స్పష్టంగా రాశారు. కానీ మూడూ చదివేవారు ఎందరో ఇవ్వలేదు. ఒక్కటి మాత్రమే చదివేవారు ఎందరు కావచ్చు అని అడిగారు. నడుమ ఏమీ లేకుండా ఎక్కడ మొదలుపెట్టాలి?

సున్నాకు_ముందు

నడుమ ఒక అక్షరం వేసి మొదలుపెట్టండి. మూడూ చదివేవారు t అనుకోండి. చుట్టూ ఉన్న గదులు 30 − t, 20 − t, 25 − t. కథలు మాత్రమే 25 + t, కవితలు మాత్రమే 15 + t, వ్యాసాలు మాత్రమే 5 + t. మూడింటినీ కూడితే 45 + 3t. t ఒకటి పెరిగితే సమాధానం మూడు పెరుగుతుంది.

ఇక ఏ గదీ మైనస్ కాకూడదు. 20 − t మైనస్ కాకుండా ఉండాలంటే t 20 దాటకూడదు. వృత్తాల బయట 30 − t మంది ఉంటారు, దానికి 30 వరకు ఇబ్బంది లేదు. కాబట్టి t సున్నా నుంచి 20 వరకు ఏదైనా కావచ్చు. సమాధానం కనిష్ఠం 45, గరిష్ఠం 105, నడుమ మూడేసి తేడాతో వచ్చే సంఖ్యలు.

మూడోవంతు

ఆ 150 మందిలో ప్రతివారూ కనీసం ఒక్కటైనా చదువుతారని అనుకుంటే t ఒక్కటే విలువకు వస్తుంది కదా. అలా అనుకోవచ్చా?

సున్నాకు_ముందు

అనుకోలేం. బయట ఎవరూ ఉండకూడదంటే t 30 కావాలి. కవితలూ వ్యాసాలూ రెండూ చదివేవారు మొత్తం 20 మందే అయినప్పుడు మూడూ చదివేవారు 30 మంది ఎలా ఉంటారు? ఈ అంకెలతో కనీసం పది మందైనా ఏదీ చదవనివారు ఉండి తీరాలి.

తొందరమనిషి

ఆ పది మంది ఈ చర్చలో లేరని మాత్రం ఖాయంగా చెప్పగలను.

గళ్లనోటు

వెనుక ఇచ్చిన సమాధానంలో 75 అని ఒక్క సంఖ్యే ఉంది. t = 10 అయితేనే అది వస్తుంది. మొదటి లెక్కలోని 10ని ఈ లెక్కకు కూడా వాడుకోవాలని వారి ఉద్దేశమా, లేక «కావచ్చు» అన్న మాటను వారే మరిచిపోయారా?

మూడోవంతు

రెండో లెక్క మొదటి దానికి కొనసాగింపు అని పైన ఎక్కడైనా రాసి ఉందేమో చూడండి. లేకపోతే నేను 45 నుంచి 105 వరకు అనే రాస్తాను.

సున్నాకు_ముందు

నేను రెండూ రాస్తాను, t = 10 అయితే 75 అన్న మాటతో సహా.